ఎంతమందిని అడిగితే చాలు?

డిగ్రీ చదివే ఒక అమ్మాయి పాఠ్యపుస్తకంలోని లెక్కను ఫొటో తీసి పంపింది. ‘ఒక పట్టణంలో ఎంత శాతం కుటుంబాలు సొంత ఇళ్లలో ఉంటున్నాయో తెలుసుకోవాలి. అంచనాలో తేడా అటూ ఇటూ 3 శాతం దాటకూడదు. విశ్వాస స్థాయి 95 శాతం. ఎన్ని కుటుంబాలను అడగాలి?’ పట్టణంలో మొత్తం కుటుంబాలెన్నో చెప్పకుండా లెక్క ఎలా కట్టాలన్నది ఆమె సందేహం.

పట్టణం పెద్దదైతే ఆ సంఖ్యతో పని లేదు. సూత్రం ఇదీ:

n = z² × p × (1 − p) ÷ E²

ఇందులో n మనం అడగాల్సిన కుటుంబాల సంఖ్య. E అనుమతించిన తేడా. దీన్ని 3 అని కాకుండా 0.03 అని వేయాలి. 95 శాతం విశ్వాసానికి z విలువ 1.96. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ సర్వే చేస్తే, నూటికి దాదాపు 95 సార్లు మన అంచనా అసలు విలువకు 3 శాతం లోపే ఉంటుందని దీని భావం.

ఇక p అంటే సొంత ఇల్లున్నవారి వాటా. సర్వే చేసేదే దాన్ని తెలుసుకోవడానికి కదా, ముందే ఎలా వేస్తాం? p × (1 − p) అనేది p సగం ఉన్నప్పుడు అన్నిటికన్నా పెద్దదవుతుంది. కాబట్టి 0.5 వేస్తే, అసలు వాటా ఎంతైనా శాంపిల్ చాలకపోవడమన్నది ఉండదు.

3.8416ను 0.25తో గుణిస్తే 0.9604. దాన్ని 0.0009తో భాగిస్తే 1067.11. ఇక్కడ పాయింటు తర్వాతి అంకెలను వదిలేయకూడదు. 1067 మందితో తేడా 3 శాతాన్ని కొంచెం దాటుతుంది. అందుకే జవాబు 1068.

పట్టణంలో లక్ష కుటుంబాలున్నా, పది లక్షలున్నా ఈ సంఖ్య దాదాపు మారదు. ఊళ్లో రెండు వేల కుటుంబాలే ఉంటే మాత్రం, సవరణ చేశాక 697 చాలు. తేడాను 3 నుంచి 1.5 శాతానికి తగ్గించమంటే మాత్రం 4269 కుటుంబాలు కావాలి. తేడా సగమైతే పని నాలుగింతలవుతుంది. సర్వే ఖర్చును తేల్చేది ఇదే.

అయితే ఈ లెక్కంతా కుటుంబాలను లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే చెల్లుతుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రికకు ఇరవై లక్షలకు పైగా జవాబులు అందాయి. ల్యాండన్ గెలుస్తాడని ఆ పత్రిక చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. టెలిఫోన్, కారు ఉన్నవారి జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం, అందులోనూ ఇష్టపడి జవాబిచ్చినవారినే లెక్కించడం ఆ సర్వేను దెబ్బతీశాయి.

కాబట్టి ఏ సర్వే చూసినా ఎంతమందిని అడిగారన్న దానితో ఆగకండి. వాళ్లను ఎలా ఎంచుకున్నారో, ఎంతమంది జవాబివ్వలేదో కూడా చూడండి.