మీకు తెలుసా? పాత ఫ్లాటు బలం గజాల్లో ఉంటుంది

పద్మారావునగర్, మారేడ్‌పల్లి, సీతాఫల్‌మండి, తార్నాక... సికింద్రాబాద్‌లోని ఈ పాత పేటల్లో అమ్మకానికొచ్చే ఫ్లాట్లలో పాతికేళ్లు దాటినవి బోలెడు. ప్రకటనలు చదివితే మాత్రం ఒక్కదానికీ వయసు కనిపించదు. ‘ప్రైమ్ లొకేషన్, వెల్ మెయింటెయిన్డ్, హండ్రెడ్ పర్సెంట్ వాస్తు, సీరియస్ బయ్యర్స్ ఓన్లీ’ అని ఉంటుంది, అంతే. కట్టిన ఏడాది రాయకపోతే కొనేవాడు తక్కువ వయసు అనుకోడు, ఉన్నదానికి ఇంకో పదేళ్లు కలుపుకుంటాడు. బేరం అక్కణ్నుంచే కిందికి మొదలవుతుంది.

డాక్యుమెంటులో చదవని లైను

మీ సేల్ డీడ్‌లో చివరి పేజీల్లో, షెడ్యూలు దగ్గర, ‘అన్‌డివైడెడ్ షేర్’ అని ఒక లైను ఉంటుంది. అపార్ట్‌మెంటు కట్టిన నేలలో మీ ఫ్లాటుకు వచ్చే వాటా అది, గజాల్లో రాస్తారు. పాత ఫ్లాటుకు కొత్తదాని కంటే ఎక్కువగా ఉండే ఆస్తి చాలాసార్లు ఇదొక్కటే. దీన్ని ప్రకటనలో రాసేవాళ్లు మాత్రం అరుదు.

లెక్క వేసి చూద్దాం. పద్మారావునగర్‌లో 1994లో 600 గజాల్లో కట్టిన భవనం ఉందనుకోండి. గ్రౌండ్ మీద మూడంతస్తులు, మొత్తం పన్నెండు ఫ్లాట్లు, అన్నీ ఒకే కొలత. ఒక్కోదానికి 50 గజాలు. ఊరి బయట ఎకరంలో, అంటే 4,840 గజాల్లో, 200 ఫ్లాట్ల టవరు లేచిందనుకోండి. ఒక్కోదానికి 24 గజాల పైన కాస్తే వస్తుంది. గోడలు రెండుచోట్లా పాతబడతాయి, నేల పాతబడదు. కాబట్టి ప్రకటనలో మొదట్లోనే ‘అన్‌డివైడెడ్ షేర్ 50 గజాలు, మొత్తం స్థలం 600 గజాలు, ఫ్లాట్లు 12’ అని మూడు అంకెలూ రాయాలి. మూడూ ఉంటే చదివేవాడు తనే భాగించి సరిచూసుకుంటాడు.

దీనికి హద్దులున్నాయి. ఆ 50 గజాలను విడిగా అమ్ముకోలేరు, విడిగా కంచె వేసుకోలేరు. పాత భవనం తీసి కొత్తది కట్టే రోజున దాని విలువ బయటికొస్తుంది, ఆ రోజు రావాలంటే యజమానులందరూ సంతకాలు పెట్టాలి. పన్నెండు మందిలో ఒకరు అమెరికాలో, ఇంకొకరు కోర్టులో ఉంటే ఏళ్లు పడుతుంది. ఎన్ని అంతస్తులు లేస్తాయన్నది కూడా ముందున్న రోడ్డు వెడల్పు మీద ఆధారపడుతుంది. అందుకని రోడ్డు ఎన్ని అడుగులో రాయండి, ‘రీడెవలప్‌మెంట్ గ్యారంటీ’ అని మాత్రం రాయకండి. ఇంకొకటి: వాటా మీ డీడ్‌లో ఎంతుంటే అంతే. బిల్డరు అప్పట్లో తనకు కొంత అట్టిపెట్టుకుని మిగతావాళ్లకు తక్కువ రాసిన భవనాలూ ఉంటాయి. భాగిస్తే వచ్చే అంకె కాకుండా డీడ్‌లో ఉన్న అంకె వేయాలి.

వయసు దాచినా బ్యాంకు దాచదు

కొనేవాడు లోనుకు వెళ్తే బ్యాంకు వాల్యుయర్‌ను పంపుతుంది. ఆయన రిపోర్టులో భవనం వయసుకు ఒక గడి, మిగిలిన ఆయుష్షుకు ఒక గడి ఉంటాయి. లోను గడువు సాధారణంగా ఆ మిగిలిన ఆయుష్షు లోపలే ఉండాలంటారు. అడ్వాన్సు ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే బేరం చెడుతుంది, మీకు రెండు నెలలు వృథా. కట్టిన ఏడాదిని ప్రకటనలోనే రాస్తే ఇరవై ఏళ్ల లోను కావాల్సినవాడు ముందే బ్యాంకును కనుక్కుని వస్తాడు.

అసలు పాత భవనంలో భయపడాల్సింది దేనికి? కాంక్రీటు క్షార గుణం వల్ల లోపలి ఇనుము తుప్పు పట్టకుండా ఉంటుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తూ పోతుంది. ఆ మార్పు ఇనుము దాకా చేరి, దానికి తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొస్తుంది. దూలం అడుగున గోధుమరంగు గీతలు, తడితే బోలుగా మోగే ప్లాస్టరు దాని గుర్తులు. పార్కింగ్ పిల్లర్ల పాదాలు, బాత్రూముల కింది స్లాబు, టెర్రస్ మీది ట్యాంకు కింది భాగం ముందు చూడాల్సిన చోట్లు. స్ట్రక్చరల్ ఇంజినీరు చిన్న ముక్క చెక్కి ఫినాఫ్తలీన్ చల్లుతాడు. గులాబీ రంగు వస్తే అక్కడ కాంక్రీటు ఇంకా కాపు కాస్తున్నట్టు, రంగు రాకపోతే ఆ లోతు వరకు గుణం పోయినట్టు.

‘బిల్డింగ్ చాలా స్ట్రాంగ్’ అనే మాటకు విలువ లేదు. ‘2022లో పార్కింగ్‌లో మూడు పిల్లర్లకు తుప్పు తీసి జాకెటింగ్ చేయించాం, ఇంజినీరు రిపోర్టు, బిల్లులు ఉన్నాయి’ అన్న వాక్యానికి ఉంది. మరమ్మతు చెబితే లోపం ఒప్పుకున్నట్టు అవుతుందని సందేహిస్తారు. ముప్ఫై ఏళ్లలో ఏ మరమ్మతూ జరగలేదంటేనే నాకైతే అనుమానం.

పై అంతస్తు అనుమతి లేకుండా వేసిన భవనాలు నగరంలో కొత్త కాదు. 2007 చివర్లో వచ్చిన బీపీఎస్ కింద మీ భవనం క్రమబద్ధం అయి ఉంటే ఆ ఉత్తర్వు ఉందని ఒక్క ముక్క రాయండి. కొనేవాడి లాయరు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.

1882 నాటి చట్టం

తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం బేరసారాల చాతుర్యం కిందికి రాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది మోసం కిందికి వస్తుందని ఆ సెక్షనే అంటుంది. పైవాళ్ల బాత్రూము నుంచి బెడ్‌రూము సీలింగులోకి నీరు దిగుతోంది, ఇల్లు చూపించే ముందు పుట్టీ పెట్టి రంగు వేసేశారు. సరిగ్గా ఇలాంటిదే ఆ సెక్షన్ కిందికి వచ్చే గొడవ. రంగు వేసే ఖర్చుతో పైవాళ్లను ఒప్పించి లీకు ఆపించుకోవడం మేలు. ఆపించాక మరక అలాగే ఉంచి ‘2023లో లీకు ఆగింది, మరక మిగిలింది’ అని రాసినా కొంప మునగదు. రెండు వానాకాలాలు పొడిగా ఉన్న మరకే సాక్ష్యం.

‘మెయింటెనెన్స్ 2,500’ అంటే?

ఆ అంకె ఒక్కటీ రాస్తే ఏమీ తెలియదు. మన పన్నెండు ఫ్లాట్ల భవనమే తీసుకుందాం. నెలకు 30,000 వసూలు. వాచ్‌మన్‌కు 12,000, మోటారు, మెట్ల లైట్లు, లిఫ్టు కరెంటుకు 5,000, లిఫ్టు ఏఎంసీకి 3,000, ఊడ్చి తుడవడానికి 4,000. మిగిలేది 6,000, ఏడాదికి 72,000. రంగులకో, ట్యాంకు మరమ్మతుకో ఇదే ఆధారం. ఆ మిగులు లేని భవనంలో మెయింటెనెన్స్ 1,200 అని రాస్తే చవగ్గా కనిపిస్తుంది, లిఫ్టు పాడైన రోజున తలా ముప్ఫై వేలు వేసుకోమంటారు. అందుకే సొసైటీ ఖాతాలో ఎంతుందో, బకాయిలు ఉన్నాయో లేవో రాయాలి. చిన్న పాత భవనాల్లో కార్పస్ ఫండ్ లేకపోవడం మామూలే, లేదని రాయడానికి సిగ్గు అక్కర్లేదు.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. మంజీర కనెక్షను ఉందా, రోజు విడిచి రోజా, బోరు మే నెలలో ఎండుతుందా, ట్యాంకర్లు తెప్పిస్తే తలా ఎంత పడుతుంది. ఈ ఊళ్లో గ్రానైటు కిచెను గురించి అడిగే ముందు దీని గురించే అడుగుతారు.

సికింద్రాబాద్ అంటే ఎక్కడ?

1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట వెలిసిన ఊరు ఇప్పుడు ఎంత దూరమైనా సాగుతోంది. కొంపల్లి వెంచరు వాళ్లూ సికింద్రాబాద్ అనే రాస్తారు. కాబట్టి పేట పేరుతో పాటు పన్ను ఎవరికి కడుతున్నారో కూడా రాయండి, బల్దియాకా, కంటోన్మెంట్ బోర్డుకా అని. కార్ఖానా, తిరుమలగిరి వైపు వెతికేవాళ్లకు కట్టడాల నిబంధనల దృష్ట్యా ఇది పెద్ద ప్రశ్న.

‘మెట్రోకు దగ్గర’ అనే మాటను జనం నమ్మడం మానేశారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ లైను తెరిచాక పద్మారావునగర్ వైపు వాళ్లకు గాంధీ హాస్పిటల్ స్టేషను అందుబాటులోకి వచ్చింది. మీ గేటు నుంచి నడిచి చూసి నిమిషాలు రాయండి, మధ్యలో మెయిన్ రోడ్డు దాటాల్సి ఉంటే అదీ రాయండి. బోయినపల్లి, అల్వాల్ దారుల వాళ్లకు ఇంకో సందేహం ఎదురవుతుంది. ప్యారడైజ్–డెయిరీఫాం మార్గంలో, రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగాయి. రోడ్డు విస్తరణలో మీ స్థలం పోతుందా అని అడుగుతారు. రోడ్డుకు మీ ప్రహరీ ఎంత దూరమో, భూసేకరణ నోటీసు వచ్చిందో లేదో ముందే చెప్పేయండి.

ఫేసింగ్ దగ్గరా గందరగోళమే. భవనం గేటు తూర్పు, ఫ్లాటు గుమ్మం ఉత్తరం అయితే రెండూ రాయాలి. ఒక్కటే రాస్తే వాస్తు చూసేవాళ్లు ఇంటిదాకా వచ్చి గుమ్మం చూసి వెనక్కి తిరుగుతారు.

ఇవన్నీ పెట్టి మన ఊహా ఫ్లాటుకు ప్రకటన రాస్తే ఇలా వస్తుంది:

‘పద్మారావునగర్, 30 అడుగుల రోడ్డు. 1994లో కట్టిన భవనం, రెండో అంతస్తు, డబుల్ బెడ్‌రూం, గేటు తూర్పు, గుమ్మం ఉత్తరం. అన్‌డివైడెడ్ షేర్ 50 గజాలు (600 గజాలు, 12 ఫ్లాట్లు). డీడ్ ప్రకారం కామన్ ఏరియాతో 1,100 చదరపు అడుగులు, టేపుతో కొలిచిన కార్పెట్ ఏరియా 860. లిఫ్టు 2016లో మార్చాం, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ 2021, పార్కింగ్‌లో మూడు పిల్లర్లకు మరమ్మతు 2022, బిల్లులున్నాయి. మెయింటెనెన్స్ 2,500, బకాయి లేదు, సొసైటీ ఖాతాలో 1.8 లక్షలు, కార్పస్ లేదు. మంజీర రోజు విడిచి రోజు, బోరుంది, మేలో ట్యాంకర్లకు తలా 400 దాకా. ఒక కారు పార్కింగు, డీడ్‌లో ఉంది. బెడ్‌రూం సీలింగులో 2023లో ఆగిన లీకు మరక ఉంది. గాంధీ హాస్పిటల్ మెట్రోకు నడక 12 నిమిషాలు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, బల్దియా ఆస్తిపన్ను రసీదు చూపిస్తాం. లోను తీసుకునేవాళ్లు భవనం వయసు బ్యాంకుకు ముందే చెప్పి రండి.’

దీనికి ‘వెల్ మెయింటెయిన్డ్’ అని పెట్టిన ప్రకటన కంటే ఫోన్లు తక్కువే వస్తాయి. చేసినవాళ్లు మాత్రం ‘బిల్డింగ్ ఎన్నేళ్లు సార్?’ అని అడగరు, పార్కింగు పిల్లర్ల బిల్లు వాట్సాప్ చేయమంటారు. అందుకని ప్రకటన వేసే ముందే ఆ బిల్లును, డీడ్‌లోని షెడ్యూలు పేజీని ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. డీడ్ ఫొటోలో మీ ఆధార్ నంబరు, సంతకం కనిపించకుండా చూసుకుని పంపండి.