వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు పోస్టు

శ్రావణంలో పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. చిన్న నగల కొట్టు తన శుభాకాంక్షలను గురువారం సాయంత్రమే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మేలు. అది 24 గంటలు ఉంటుంది. మర్నాడు పొద్దున్న పూజ హడావిడిలో ఫోన్ చూసే తీరిక ఎవరికి?

ఇంటర్నెట్‌లో దొరికే అమ్మవారి పటం అందరూ పెట్టేదే. ఇత్తడి పళ్లెంలో తమలపాకు పరిచి, దాని మీద కొట్లోని లక్ష్మీ రూపును ఉంచి, కిటికీ వెలుగులో ఫొటో తీస్తే చాలు. ఫ్లాష్ వేస్తే బంగారం తెల్లగా పాలిపోతుంది.

రాత ఇలా ఉండొచ్చు: “రేపు తోరం కట్టుకునే ప్రతి చేతికీ మా నమస్కారం. కొత్త రూపు కొన్నా, పాతదే కడిగి పెట్టుకున్నా అమ్మ చల్లగా చూడాలి.” కింద కొట్టు పేరు, ఊరు, చిన్న అక్షరాల్లో.

ఇలా రాస్తే ఈ ఏడాది కొనలేని ఇల్లు నొచ్చుకోదు. తరుగులో తగ్గింపు ఉంటే ఆ కబురు వేరే పోస్టులో.