అద్దె కారుకు బీమా ఎవరు కట్టాలి?

విశాఖలో కారు అద్దెకు తీసుకుని అరకు బయల్దేరే కుర్రాళ్లు ముందుగా అడిగేది రోజుకు ఎంత, డిపాజిట్ ఎంత అని. ఇన్సూరెన్స్ సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగితే "ఫుల్ ఇన్సూరెన్స్ అండీ" అంటాడు యజమాని. ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. పాలసీ కాగితం నిజంగానే కారులో ఉండవచ్చు, గడువూ మిగిలే ఉండవచ్చు. అయినా ప్రమాదం జరిగిన నాడు ఆ పాలసీ ఎవరికి అక్కరకొస్తుంది, ఎవరిని నడిరోడ్డు మీద వదిలేస్తుంది అన్నది వేరే లెక్క. బండి ఇచ్చేవారూ తీసుకునేవారూ తాళాలు చేతులు మారకముందే ఆ లెక్క తెలుసుకోవాలి.

చట్టం ఇద్దరినీ పట్టుకుంటుంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం బీమా లేని బండిని రోడ్డు మీద ఎవరూ నడపకూడదు, ఇంకొకరి చేత నడిపించకూడదు, నడపనివ్వకూడదు. అంటే బీమా లేని బండిని అద్దెకిచ్చిన యజమానిదీ తప్పే, దాన్ని నడిపినవారిదీ తప్పే. మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ప్రీమియం ఎవరి జేబులోంచి కట్టాలన్నది మాత్రం ఇద్దరూ రాసుకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. రోజుల లెక్కన ఇచ్చే అద్దెల్లో యజమానే కడతాడు. ఏళ్ల తరబడి సాగే లీజుల్లో చాలాసార్లు ఆ భారం వాడుకునేవారి మీద పడుతుంది.

యజమాని కట్టిన పాలసీ, బండి వేరేవారి చేతికి వెళ్లాక కూడా పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2011లో కుల్సుమ్ కేసులో జవాబిచ్చింది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఒక ప్రైవేటు బస్సును ఒప్పందం మీద తీసుకుని తన రూట్లో తిప్పింది. మన ఆర్టీసీ అద్దె బస్సుల్లాంటి ఏర్పాటే అది. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ "మా ఒప్పందం యజమానితో, సంస్థతో కాదు" అని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. బస్సు సంస్థ చేతికి వెళ్లినప్పుడు ఒప్పందం ఉన్నంతకాలం దాని బీమా కూడా బస్సుతో పాటే వెళ్లినట్టు లెక్క అని చెప్పింది. పరిహారం బీమా కంపెనీయే కట్టాల్సి వచ్చింది.

అయితే అది ప్రయాణికులను తిప్పడానికే బీమా చేసిన బస్సు. బీమా బండి వెంట వెళ్తుంది గానీ, ఏ పనికి బండి వాడతామని చెప్పి పాలసీ తీసుకున్నారో ఆ పని హద్దు దాకానే వెళ్తుంది. చాలామంది దెబ్బతినేది ఆ హద్దు దగ్గరే.

తెల్ల ప్లేటు కారు అద్దెకు వెళ్తే

తెల్ల నంబర్ ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకం బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే, డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే లైసెన్సున్న బండి. సొంత వాడకం కారు పాలసీలో "వాడకం పరిమితులు" అన్న చోట అద్దెకు గానీ ప్రతిఫలానికి గానీ వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ఆ పరిమితిని కంపెనీ ట్రిబ్యునల్ ముందు చూపి తప్పుకోజూడటానికి చట్టమే అవకాశమిచ్చింది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒకాయన తన తెల్ల ప్లేటు కారును రోజుకు 2,500 రూపాయల చొప్పున నలుగురు స్నేహితులకు ఇచ్చాడు. అనంతగిరి ఘాట్ మలుపులో కారు ఎదురుగా వస్తున్న స్కూటర్‌ను గుద్దింది. స్కూటర్ మీదున్న 35 ఏళ్ల మెకానిక్ చనిపోయాడు. నెలకు 20,000 సంపాదించేవాడు. ఆయన మీద భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉన్నారు.

ట్రిబ్యునల్ లెక్క ఇలా సాగుతుంది. ఏడాది సంపాదన 2,40,000. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధి మనిషి కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అది 3,36,000 అవుతుంది. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలేది 2,52,000. ఆ వయసుకు కోర్టులు ఖాయం చేసిన గుణకం 16. గుణిస్తే 40,32,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి, వడ్డీ దీనికి అదనం.

బీమా కంపెనీ విచారణ చేయిస్తుంది. అద్దె డబ్బు ఫోన్‌లో పంపిన రసీదు, వాట్సాప్ సందేశాలు, నడిపిన కుర్రాడు పోలీసులకిచ్చిన వాంగ్మూలం బయటికొస్తాయి. కారు అద్దెకు వెళ్లినట్టు రుజువైతే ఇలాంటి కేసుల్లో చాలాసార్లు వచ్చే ఉత్తర్వు ఇది: ముందు కంపెనీ బాధిత కుటుంబానికి డబ్బు కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. ఆ వసూలుకు కంపెనీ కొత్తగా దావా వేయనక్కర్లేదు. అదే ఉత్తర్వుతో అమలు పిటిషన్ పెట్టి యజమాని ఆస్తి మీదికి రావచ్చు. రోజుకు 2,500 కోసం ఇచ్చిన కారు 40 లక్షల బాకీ తెచ్చిపెడుతుందన్నమాట. కంపెనీకి అసలు బాధ్యతే లేదని ట్రిబ్యునల్ అంటే బాధితులకు ఇంకా కష్టం. ఆ కుటుంబం యజమాని దగ్గరా, నడిపిన కుర్రాడి దగ్గరా ఏముంటే అదే వసూలు చేసుకోవాలి.

"ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే" అని అద్దెకు తీసుకున్నవారి చేత కాగితం రాయించుకున్నామని కొందరు యజమానులు ధీమాగా ఉంటారు. ఆ కాగితం వాళ్లిద్దరి మధ్యే చెల్లుతుంది. చనిపోయినవారి కుటుంబాన్ని అది కట్టేయలేదు. యజమాని ముందు కట్టి, తర్వాత ఆ కాగితం పట్టుకుని కుర్రాళ్ల మీద వేరే దావా వేసుకోవాలి.

ఇక కారు మరమ్మతు. అద్దెకిచ్చారన్న కారణంతో ఆ క్లెయిమ్‌ను కంపెనీ నిరాకరిస్తుంది. అయితే 2010లో అమలేందు సాహూ కేసులో, ఇలాంటి షరతు ఉల్లంఘన ఉన్నప్పుడు కూడా క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయడం సరికాదని, కొంత భాగమైనా చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నిరాకరణ లేఖ రాగానే ఆశ వదులుకోనక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది.

స్టీరింగ్ పట్టినవారికి ఏముంది?

అద్దెకు తీసుకున్నవారికి బొత్తిగా తెలియని సంగతి ఇది. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారి కోసం. తన తప్పు వల్ల తానే గాయపడిన డ్రైవరుకు అది వర్తించదు. 2009లో నింగమ్మ కేసులో ఒకతను వేరొకరి మోటారు సైకిల్ అడిగి తీసుకుని వెళ్తూ ఎడ్లబండిని గుద్దుకుని చనిపోయాడు. బండి అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే కాబట్టి, యజమాని పాలసీ మీద అతని కుటుంబం మూడో వ్యక్తిలా ఆ సెక్షన్ కింద పరిహారం అడగలేదని సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో రామ్‌ఖిలాడీ కేసులోనూ ఇదే మాట చెప్పింది.

పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా అనవచ్చు. అది ఆర్సీలో పేరున్న యజమానికి మాత్రమే. అద్దెకు తీసుకుని నడిపే మనిషికి ఆ 15 లక్షల్లో రూపాయి రాదు. తరచూ అద్దె కార్లు నడిపేవారు తమ పేరు మీద వ్యక్తిగత ప్రమాద పాలసీ ఒకటి విడిగా తీసుకోవాలి. ఎవరి బండి నడిపినా అది వారి వెంటే ఉంటుంది.

వెనక కూర్చున్న స్నేహితుల సంగతీ చూడాలి. సొంత కారుకు థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే లోపల కూర్చున్నవారికి సాధారణంగా రక్షణ ఉండదు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది ఉంటేనే వాళ్లకు వర్తిస్తుంది.

లీజులో యజమాని ఎవరు?

రెండు మూడేళ్లకు కారు లీజుకు తీసుకునేవారి పరిస్థితి వేరు. చట్టంలోని 2(30) సెక్షన్ ప్రకారం లీజు, హైర్ పర్చేజ్, తాకట్టు ఒప్పందాలు ఉన్న బండికి, ఆ ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉందో వారే యజమాని. అప్పిచ్చిన ఫైనాన్స్ సంస్థ పేరు ఆర్సీలో ఉన్నంత మాత్రాన ప్రమాద పరిహారం దాని మీద పడదని 2008లో గోదావరి ఫైనాన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లీజు కారు పాలసీ గడువు దాటి ప్రమాదం జరిగితే, లీజు కంపెనీని చూపించి తప్పుకోవడం కష్టం. పరిహారం బండి చేతిలో ఉన్నవారి మెడకే చుట్టుకుంటుంది.

బాధ్యత వీరిది, బీమా డబ్బు వచ్చేటప్పుడు మాత్రం ముందు హక్కు వారిది. పాలసీలో లీజు షరతు నమోదై ఉంటే, కారు మరమ్మతుకు వీలుకానంతగా పాడైనా, దొంగలెత్తుకుపోయినా ఆ సొమ్ము లీజు కంపెనీకి వెళ్తుంది. వచ్చేది బండికి ఆ ఏడాది ఖాయం చేసిన విలువ మేరకే. ఒప్పందం ప్రకారం కట్టాల్సిన వాయిదాలు అంతకన్నా ఎక్కువ మిగిలి ఉంటే, ఆ తేడా వాడుకున్నవారే కట్టాలి.

తాళాలు తీసుకునే ముందు

ముందు ఆర్సీ చూడండి, ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టయినా చూడండి. బండి సొంత వాడకానికి నమోదైందా, రవాణా వాహనమా తేలిపోతుంది. అదే చోట బీమా గడువూ కనిపిస్తుంది. తర్వాత పాలసీలో వాడకం పరిమితుల పేరా చదవండి. మీరే నడుపుకునే అద్దె అయితే, అద్దెకు తీసుకున్నవారు నడపవచ్చని పాలసీలో రాసి ఉందా అని ఆ కంపెనీనే అడగండి. బండి ఇచ్చే యజమానికి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. తీసుకున్న మనిషి బండితో మాయమైతే ఆ నష్టం మామూలు దొంగతనం కింద రాకపోవచ్చు. దానికి అదనపు ప్రీమియంతో వేరే రక్షణ తీసుకోవాలి.

చివరగా ఒప్పందంలో మరమ్మతు ఖర్చుల పేరా చూడండి. డెంట్లు, టైర్లు, నీళ్లు చేరి పాడైన ఇంజిన్ ఎవరి ఖాతాలో పడతాయో అందులో ఉంటుంది. బండి షెడ్డులో ఉన్న రోజులకు అద్దె మీరే కట్టాలని కూడా చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. యజమాని పాలసీ ఆ అద్దె నష్టాన్ని భరించదు. నడుపుతామని పేరు రాయించని స్నేహితుడు స్టీరింగ్ పట్టినా, లైసెన్సు లేనివారు పట్టినా డిపాజిట్‌తో పోయే నష్టం కాదు.

తెల్ల ప్లేటు కారు రోజుకు వెయ్యి తక్కువకు దొరుకుతుంది. టాక్సీగా, అద్దె బండిగా నమోదు చేయించినవారు పర్మిట్‌కూ పన్నుకూ ఎక్కువ ప్రీమియానికీ పెట్టే ఖర్చు అందులో లేదు కాబట్టే ఆ ధర తగ్గుతుంది. ప్రమాదం జరిగితే ఆ ఖర్చు బదులు పరిహారం మొత్తాన్ని యజమానో, నడిపినవాడో, ఏ తప్పూ చేయని స్కూటర్ మనిషి కుటుంబమో మోయాలి. బీమా ఉందా అన్న ప్రశ్నతో ఆగకండి. ఈ వాడకానికి ఉందా, నడిపేది నేనైతే ఉందా అని కూడా అడగండి. ఆ రెండింటికీ కాగితం మీద జవాబు కనిపించని బండిని తీసుకోకండి, ఇవ్వకండి.