కెమికల్ ప్రెగ్నెన్సీ

టెస్ట్ కిట్‌పై రెండో గీత కనిపించిన నాలుగైదు రోజులకే నెలసరి వచ్చేస్తే డాక్టర్లు దాన్ని కెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. పిండం గర్భసంచి గోడకు అంటుకుని హెచ్‌సీజీ హార్మోన్ విడుదల మొదలవుతుంది గానీ, స్కానింగ్‌లో కనిపించేలోపే, అంటే సుమారు అయిదో వారంలోపే ఎదుగుదల ఆగిపోతుంది. పూర్వం చాలామంది దీన్ని ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకునేవారు.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలసరి తప్పిన మర్నాడు ఒకామెకు లేత గీత వచ్చింది. రక్తపరీక్షలో హెచ్‌సీజీ 60. నిలిచే గర్భమైతే రెండు రోజుల్లో ఇది సాధారణంగా కనీసం సగం మేర పెరగాలి. ఆమెకు 25కి పడిపోయింది, రక్తస్రావం మొదలైంది. ఎక్కువసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. మెట్లెక్కినందుకో, బొప్పాయి తిన్నందుకో కాదు. ఇంట్లో పెద్దవాళ్లకూ ఈ మాట చెప్పాలి.

హెచ్‌సీజీ తగ్గకుండా నిలిచిపోయినా, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా ట్యూబులో గర్భం కావచ్చు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ ప్రయత్నానికి నెలల తరబడి ఆగక్కర్లేదు. రెండు వారాల్లోనే అండం విడుదల కావచ్చు. అయితే టెస్ట్ నెగెటివ్ అయిందని ముందు నిర్ధారించుకోవాలి. లేకపోతే పాత హార్మోన్ మిగులే కొత్త గర్భంలా కనిపిస్తుంది. ఒక్కసారికి పరీక్షలు అవసరం లేదు, రెండోసారీ జరిగితే డాక్టర్‌ను అడగాలి.