మంచు ముఖం మీద లేదు

భోగి నాటి ఉదయం ఏడున్నరకు నారపల్లిలో మా మేడ మీద పిన్నినీ, ఆమె కూతుర్నీ నిలబెట్టి ఫోటో తీశాను. వెనకాల వరంగల్ హైవే, ఉప్పల్ వైపు వరసగా నిలబడ్డ ఫ్లైఓవర్ స్తంభాలు, ఇంకా దూరంగా ఒక నీళ్ల ట్యాంకు ఉన్నాయి. మంచు, భోగిమంటల పొగ, రోడ్డు దుమ్ము కలిసి అన్నిటి మీదా బూడిదరంగు తెర కప్పేశాయి. లైట్‌రూమ్‌లో డీహేజ్ స్లైడర్ +40 దాకా జరిపితే స్తంభాలు బాగానే తేలాయి. ఫోటో చూసిన పిన్ని మాత్రం, "ఏంట్రా, నాకు కామెర్లొచ్చినట్టు చేశావు!" అంది. అలా ఎందుకైందో వెతుకుతూ పోతే దొరికిన విశేషాలివి.

ముఖం దగ్గర మంచు ఎంత?

లేదనే చెప్పాలి. దూరపు వస్తువు మసకబారడానికి రెండు కారణాలు. దాని నుంచి వచ్చే వెలుతురు దారిలో కొంత చెదిరిపోతుంది. మధ్యలో ఉన్న గాలి తన సొంత తెల్లటి వెలుతురును దానికి కలుపుతుంది. ఈ లెక్కను జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త హరాల్డ్ కోష్‌మీడర్ 1924లో సూత్రంగా రాశాడు. ఈనాటి డీహేజ్ పద్ధతులకు చాలావాటికి పునాది అదే.

మా మేడ మీది ఉదయానికి దాన్ని వేసి చూద్దాం. 2 కిలోమీటర్లు దాటితే ఏమీ ఆనని రోజు అనుకోండి. కెమెరాకు 2 మీటర్ల దూరంలో ఉన్న పిన్ని ముఖం మీద చేరిన గాలి తెలుపు వందలో అర వంతు కూడా లేదు. 300 మీటర్ల దూరంలోని స్తంభం దగ్గరికి వచ్చేసరికి అది 44 వంతులు. కిలోమీటరు అవతలి ట్యాంకు దగ్గర ఏకంగా 86 వంతులు. అంటే ట్యాంకు నుంచి బయల్దేరిన వెలుతురులో ఏడో వంతే నా లెన్స్ దాకా చేరింది.

ఒకే ఫోటోలో ఇంత తేడా ఉన్నప్పుడు అంతటికీ ఒకే మందు వేయడమే నేను చేసిన తప్పు. జబ్బు లేని ముఖానికి కూడా మందు పోశాను.

చెంపను మంచు అనుకునే లెక్క

మంచు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు ఎలా తెలుస్తుంది? 2009లో కైమింగ్ హె, జియాన్ సన్, షియావూ టాంగ్ అనే ముగ్గురు ఒక చక్కటి సంగతి కనిపెట్టారు. మంచు లేని ఆరుబయటి ఫోటోలో, ఆకాశాన్ని వదిలేసి ఎక్కడ చిన్న ముక్క తీసుకున్నా, అందులో ఏదో ఒక చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఏదో ఒకటి సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఆకు అయితే అందులో నీలం ఉండదు. నీడ అయితే మూడూ ఉండవు. కాబట్టి ఒక ముక్కలో మూడు రంగులూ పైకి లేచి ఉంటే, ఆ లేచినంత మేర మంచు వల్లే అని అంచనా వేసి తీసేయవచ్చు. దీనికి వాళ్లు డార్క్ చానెల్ అని పేరు పెట్టారు. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లోని `haze removal` ఈ దారిలోనే పనిచేస్తుంది.

చిక్కల్లా పుట్టుకతోనే లేత రంగులో ఉన్న వస్తువులతో వస్తుంది. తెల్ల పంచె, సున్నం వేసిన గోడ, జడలోని మల్లెలు, ఎండ పడిన చెంప ఇలాంటివే. చెంపలో మూడు రంగులూ ఎంతో కొంత ఉంటాయి. ఈ లెక్కకు అది పలచటి మంచులా కనిపిస్తుంది. దాంతో మూడు రంగుల నుంచీ కొంత కొంత కోసేస్తుంది. మన చర్మంలో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్యస్థం, నీలం అన్నిటికన్నా తక్కువ. సమానంగా కోసినా, తక్కువ ఉన్న నీలానికే పెద్ద దెబ్బ తగులుతుంది. నీలం పోతే మిగిలేది పసుపు, రాగి రంగు. పిన్ని చెప్పిన కామెర్లు ఇవే. దీనికి తోడు కాంట్రాస్ట్ పెరిగి కళ్ల కింది నీడలు, మూతి పక్కన గీతలు నల్లబడతాయి. మనిషికి ఒక్కసారిగా పదేళ్లు మీదపడతాయి.

డీహేజ్‌కు ముందే పోయిన వెచ్చదనం

ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను. స్లైడర్ ముట్టుకోకముందే ఆ ఫోటోలో ముఖాలు కొంచెం పాలిపోయి ఉన్నాయి. దుమ్ము, పొగ కలిసిన తెర రంగు తెలుపు కాదు, పసుపు కలిసిన బూడిద. ఫ్రేములో సగానికి పైగా ఆ రంగే ఉండేసరికి కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని సరిచేయబోయి ఫోటో మొత్తాన్ని నీలం వైపు నెట్టింది. తప్పు దూరపు గాలిది, ఫలితం అనుభవించింది దగ్గరి ముఖం.

కాబట్టి మొదటి పని వైట్ బ్యాలెన్స్. ముఖం మీద పడే వెలుతురే పడుతున్న తెల్లటి వస్తువు మీద రంగు పిక్కర్ పెట్టాలి. నేను పిన్ని భుజం మీది తెల్ల నూలు తువ్వాలు మీద పెట్టాను. దూరపు తెల్ల గోడ మీద పెడితే కెమెరా చేసిన పొరపాటునే మళ్లీ చేసినట్టు.

మా ఫోటోకు చేసిన చికిత్స

డీహేజ్ స్లైడర్‌ను అడోబీ 2015లో తెచ్చింది. మనుషులనూ నేపథ్యాన్నీ తనంతట తానే విడదీసే మాస్కులు లైట్‌రూమ్‌కు 2022 అక్టోబరులో వచ్చాయి. అంతకు ముందు ముఖచర్మాన్ని విడదీసే పనిని బ్రష్‌తో చేత్తోనే చేయాల్సి వచ్చేది.

వైట్ బ్యాలెన్స్ అయ్యాక మొత్తం ఫోటో `Dehaze`ను సున్నాకు తెచ్చాను. తర్వాత `Select Background` మాస్కు తీసుకుని, అందులో మాత్రం +35 ఇచ్చాను. డీహేజ్ పెంచితే వెనకభాగం నల్లబడుతుంది, రంగులు కూడా ముదురుతాయి. అందుకే అదే మాస్కులో `Exposure` +0.25, `Saturation` −12 చేశాను. ఈ రెండూ చేయకపోతే ముఖాలు పైన అతికించిన బొమ్మల్లా బయటికి పొడుచుకొస్తాయి. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా ఉందని అనిపిస్తుంది.

ముఖాలకు `Select People`లో `Face Skin` ఎంచుకుని, `Temp`ను కొద్దిగా, +4 దాకా జరిపాను. అంతకు మించి ఏమీ చేయలేదు. వెచ్చదనం చాలావరకు వైట్ బ్యాలెన్స్‌తోనే తిరిగొచ్చింది.

సరిగ్గా వచ్చిందో లేదో కంటితోనే కాక అంకెలతోనూ చూడొచ్చు. చెంప మీద కర్సర్ పెడితే `R`, `G`, `B` విలువలు కనిపిస్తాయి. చామనఛాయ చెంపలో ఆ మూడూ ఆ వరసలోనే దిగాలి. `B` వచ్చి `G` పక్కన కూర్చుంటే ముఖం కళ తప్పినట్టు. `B` మరీ కిందికి జారిపోతే కామెర్లు.

జుట్టు అంచు దగ్గర దొరికిపోతుంది

పని చేసిన జాడ ఫోటోలో ఎక్కడ బయటపడుతుందంటే, నుదుటి మీద ఎగిరే పిల్లవెంట్రుకల దగ్గర. వాటి సందుల్లోంచి కనిపించేది నేపథ్యం. మాస్కు మాత్రం ఆ సందులను కూడా తలలో భాగమనుకుంటుంది. దాంతో తల చుట్టూ వేలెడు మేర మంచు అలాగే మిగిలి తెల్లటి వలయంలా కనిపిస్తుంది. దేవుడి పటంలో ఉండే కాంతిచక్రం లాంటిది. ఫోటోను 100 శాతానికి పెద్దది చేసి చూస్తే తప్ప దొరకదు. ప్రింటు వేయించాక మాత్రం అందరికీ కనిపిస్తుంది.

నేను మాస్కుకు మెత్తటి బ్రష్‌తో ఆ సందులను కలిపాను. అయినా కొంచెం మిగిలింది. అప్పుడు +35ను +28కి తగ్గించాను, వలయం కలిసిపోయింది. నా అనుభవంలో అంచును ఎంత చెక్కినా రాని ఫలితం మోతాదు తగ్గిస్తే వస్తుంది.

ముఖం కూడా మసకగా ఉంటే?

దగ్గరి మనిషి జుట్టులోని నలుపు కూడా బూడిదలా కనిపిస్తే అది గాలిలోని మంచు కాదు. రెండు మీటర్లలో అంత మంచు ఉండే వీలే లేదని పైన లెక్కలో చూశాం. అది లెన్స్ మీది వేలిముద్ర జిడ్డయినా అయ్యుండాలి, సూర్యుడు నేరుగా లెన్స్‌లోకి కొట్టడమైనా అయ్యుండాలి. మెత్తటి గుడ్డతో తుడవడం, అరచేతిని గొడుగులా పట్టడం దీనికి మందు. ఇప్పటికే తీసిన ఫోటో అయితే మొత్తానికి +8 దాకా డీహేజ్ ఇవ్వొచ్చు. ముఖానికి డీహేజ్ పనికొచ్చే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

ఘట్‌కేసర్ వైపా, ఉప్పల్ వైపా?

నారపల్లి దగ్గర హైవే ఇంచుమించు తూర్పు పడమరలుగా సాగుతుంది. పొద్దున్నే ఘట్‌కేసర్ వైపు కెమెరా తిప్పితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పొగ, దుమ్ము రేణువులు తమ మీద పడ్డ వెలుతురులో ఎక్కువ భాగాన్ని వచ్చిన దిశలోనే ముందుకు తోస్తాయి. అందువల్ల సూర్యుడి వైపు చూస్తే తెర ధగధగా వెలుగుతుంది. వెనక్కి తిరిగి ఉప్పల్ వైపు చూస్తే అదే గాలి, అదే నిమిషంలో చాలా పలచగా కనిపిస్తుంది. పైగా లేత ఎండ మనుషుల ముఖాల మీద పడుతుంది. స్లైడర్ చేయాల్సిన పనిలో సగం మడమ తిప్పడంతోనే అయిపోతుంది. సాయంత్రం దీనికి సరిగ్గా తిరగేసి నిలబెట్టాలి.

టైము కూడా చూసుకోవాలి. చలికాలపు రాత్రి నేల చల్లబడి, దానికి అంటుకున్న గాలి పైనున్న వెచ్చటి గాలి కింద మూతపెట్టిన గిన్నెలోలా చిక్కుకుంటుంది. నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల పొగైనా, మన భోగిమంటల పొగైనా ఆ మూత కిందే తిరుగుతుంది. ఎండ నేలను వేడెక్కించాక ఆ మూత లేస్తుంది. ఆలోగా తొందరపడి తీస్తే కంప్యూటర్ ముందు కూర్చునే సేపు పెరుగుతుంది.

పాత గాజు పలకల్లో

ఆరో నిజాం కాలంలో సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ తరానికి ఈ బాధ ఇంకా ఎక్కువ. ఆనాటి మామూలు గాజు పలకలు నీలానికి బాగా స్పందించేవి, ఎరుపును దాదాపు పట్టించుకునేవి కావు. దూరపు తెరలో నీలం పాలు ఎక్కువగా ఉన్న రోజున కొండలు, బురుజులు కంటికి కనిపించినదానికన్నా తెల్లగా కరిగిపోయేవి. ఎరుపు అందకపోవడంతో ముఖాలు ఉన్నదానికన్నా నల్లగా పడేవి. వెచ్చదనం, స్పష్టత రెండింటినీ ఒకే పలక చెడగొట్టేది.

ట్యాంకు సంగతి

ఆ నీళ్ల ట్యాంకును కూడా తేల్చాలని ఒక రాత్రంతా కూర్చున్నాను. ఏడో వంతు మిగిలిన వెలుతురును పూర్తిగా నింపాలంటే ఏడు రెట్లు పెంచాలి. దానితోపాటు కెమెరా పుట్టించే రంగు రంగుల గరుకు కూడా ఏడు రెట్లు పెరుగుతుంది. ట్యాంకు వచ్చింది, దాని చుట్టూ ఆకాశం మాత్రం ఇసుక చల్లినట్టు, మెట్లు మెట్లుగా చీలిపోయింది. రా ఫైలులోనే ఇలా ఉంటే, ఫోన్ జేపెగ్‌లో సంగతి చెప్పక్కర్లేదు. వెనక్కి వచ్చి స్తంభాల దాకా తేల్చి, ట్యాంకును మంచులోనే ఉండనిచ్చాను. ఇప్పుడు పిన్ని వాళ్ల హాల్లో వేలాడుతున్న ఫోటోలో స్తంభాలు ఒకటొకటిగా లెక్కపెట్టొచ్చు. వాటి వెనక ట్యాంకు ఒక లేత నీడలా ఉంది.