అరిగిన శాసనం: రాతి మీద ఉన్నదెంత, ఊహించినదెంత

కాకతీయుల కాలపు గుడి శాసనాన్ని ఫొటో నుంచి ఎత్తి రాయడంలో రెండు పనులున్నాయి. రాతి మీద కనిపించేదాన్ని కనిపించినట్టు రాయడం మొదటిది. పోయిన అక్షరాలు ఏమై ఉంటాయో ఆలోచించడం రెండోది. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ప్రతి అక్షరానికీ గుర్తు పెట్టడమే పాఠం సిద్ధం చేయడంలో అసలు మెళకువ.

ముందు ఫొటో సరిగా ఉండాలి. ఎదురుగా వెలుతురు పడితే లోతు తక్కువ గీతలు మాయమవుతాయి. ఉదయమో సాయంత్రమో ఎండ పక్క నుంచి వాలుగా పడేటప్పుడు తీస్తే చెక్కిన గీతల్లో నీడ నిలిచి అక్షరం తేలుతుంది. వెలుతురు ఎడమ నుంచి ఒకటి, పై నుంచి ఒకటి కనీసం రెండు ఫొటోలు కావాలి. ఒక దిక్కు నుంచి వచ్చే వెలుతురు ఆ దిక్కుగానే సాగే గీతలను చూపదు. అక్షరాల్లో సుద్ద నింపి ఫొటో తీయకూడదు. అలా తీస్తే మిగిలేది రాతి మీది అక్షరం కాదు, సుద్ద పూసినవారు చదివిన అక్షరం.

ఆ తర్వాత ఒక్కో పంక్తికి అంకె వేసి, పంక్తి ఎక్కడ తెగితే అక్కడే తెంపి రాయాలి. శాసనాల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు. పంక్తి చివర పదం సగంలో తెగినా చెక్కినవారు పట్టించుకోలేదు. ఎకార ఏకారాలకూ, ఒకార ఓకారాలకూ వేరు గుర్తులు సాధారణంగా కనిపించవు. హ్రస్వమో దీర్ఘమో పదాన్ని బట్టి తేల్చుకోవాలి. రేఫ తర్వాతి హల్లును రెట్టించి ‘ధర్మ్మ’ అని చెక్కడం ఆనాటి అలవాటు. దాన్ని ‘ధర్మ’ అని దిద్దకూడదు.

అరుగుదల అన్ని అక్షరాలనూ ఒకేలా దెబ్బతీయదు. తలకట్టు పోయిన ‘ర’ సున్నలా కనిపిస్తుంది. తోక అరిగిన ‘మ’ను ‘వ’ అని చదివే ప్రమాదం ఉంది. పైభాగం చెడితే ‘ప’, ‘వ’ల తేడా తెలియదు. సందేహం వచ్చినప్పుడు అదే శాసనంలో చెడకుండా మిగిలిన చోట ఆ అక్షరాన్ని వెతికి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే చేతితో చెక్కిన అక్షరాలు ఒకే తీరులో ఉంటాయి.

గుర్తుల పద్ధతి ఇలా ఉంటుంది. దెబ్బతిన్నా కొంత ఆనవాలు మిగిలిన అక్షరం చదరపు బ్రాకెట్లలో ఉంటుంది: [మా]. పూర్తిగా పోయినదాన్ని ఊహించి నింపితే చుక్క గుర్తు చేరుతుంది: [రణ*]. ఊహకు ఆధారం లేకపోతే పోయిన ఒక్కో అక్షరానికి ఒక్కో చుక్క పెడతారు. పై పంక్తిలో అంతే వెడల్పులో ఎన్ని అక్షరాలు పట్టాయో లెక్కిస్తే చుక్కల సంఖ్య తెలుస్తుంది. చెక్కినవాడే తప్పు చెక్కితే ఆ అక్షరాన్ని అలాగే ఉంచి, సరైనదాన్ని గుండ్రటి బ్రాకెట్లలో పక్కన రాస్తారు.

ఆనాటి శాసనాల ధోరణిలో కూర్చిన ఒక నమూనాను చూస్తే ఇదంతా స్పష్టమవుతుంది.

1. స్వస్తి శ్రీ శకవర్షంబులు 11[7*]2 నేంటి సా
2. ధా[రణ*] సంవత్సర [మా]ఘ శు 5
3. గణపతిదేవ మహారాజులు . . . .

రెండో పంక్తిలో ‘సంవత్సర’ ముందు రెండు అక్షరాల చోటు పెచ్చు ఊడిపోయింది. అరవై సంవత్సరాల పేర్లలో ‘సాధా’తో మొదలయ్యేది సాధారణ ఒక్కటే కాబట్టి ‘రణ’ అని నింపడానికి గట్టి ఆధారం ఉంది. శకవర్షంలో పదుల స్థానపు అంకె మిగలలేదు. సాధారణ అరవై ఏళ్లకోసారి వస్తుంది. శక 1100 నుంచి 1199 లోపు అది పడేది 1112, 1172లలోనే. రెండింటి చివరా 2 ఉంది కాబట్టి మిగిలిన అంకె సరిగానే చదివారని కూడా రుజువవుతుంది. శక 1112 అంటే సామాన్య శకం 1190. గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. కాబట్టి 1172, అంటే 1250–51, నిలుస్తుంది. అయినా ఆ 7 రాతి మీద లేదు కనుక చుక్క గుర్తు తప్పదు. ఎలా తేల్చారో అధస్సూచికలో రాయాలి.

మూడో పంక్తి చివర నాలుగు అక్షరాలు పోయాయి. రాజు పేరు తర్వాత ‘రాజ్యం చేయగాను’ వంటి మాటలు రావచ్చు, దాత పేరూ రావచ్చు. ఏదని చెప్పే ఆనవాలు లేదు కనుక చుక్కలే ఉండాలి. శాసనం చివర దానభూమిని హరించినవారిని శపించే శ్లోకం సంగతి వేరు. అది ఎన్నో శాసనాల్లో దాదాపు అవే మాటలతో వస్తుంది కాబట్టి సగం అరిగినా నింపవచ్చు. దాత పేరు, ఊరి పేరు, భూమి కొలత మాత్రం ఒక్కో శాసనానికి ప్రత్యేకం. వాటిని వేరే శాసనం చూసి నింపితే లేని దానం పుట్టుకొస్తుంది.