హీరో చెయ్యి గోడకు ఎందుకు అంటదు?

గేమ్‌లో హీరో గోడెక్కేటప్పుడు మీరు ఎక్కడ చూస్తారు? చాలామంది పైకి చూస్తారు, ఎక్కాక ఏముందా అని. ఈసారి చేతులు చూడండి. కొన్ని గేమ్‌లలో వేళ్లు గోడ అంచుకి జానెడు కిందే గాల్లో ఆగిపోతాయి. కొన్నింటిలో అరచెయ్యి ఏకంగా సిమెంటులోకి దిగిపోతుంది. మంచి గేమ్‌లో మాత్రం చెయ్యి సరిగ్గా అంచు మీద పడుతుంది. అప్పుడు మనం అసలు గమనించం. అలా గమనించకుండా చేయడమే ఇందులో కష్టమైన పని.

1989లో ఈ తలనొప్పి లేదు. ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కోసం జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ని వీడియో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా గీసి హీరోని కదిలించాడు. ఆ గేమ్‌లో ఒక్కో స్క్రీన్‌లో మూడే అంతస్తులు, మూడింటికీ ఒకటే ఎత్తు. ఎక్కే బొమ్మ ఒకసారి సరిగ్గా గీస్తే చాలు, చెయ్యి ఎప్పుడూ అంచు మీదే పడుతుంది.

ఇప్పుడు అదే హీరోని అబిడ్స్‌లో వదలండి.

ఒక వీధి, వంద ఎత్తులు

మేం ముగ్గురం వీకెండ్స్‌లో ఓ చిన్న గేమ్ చేస్తున్నాం. అబిడ్స్ జీపీవో దగ్గర మొదలై నాంపల్లి స్టేషన్‌లో ముగిసే ఛేజ్ అది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు, పాత షాపుల ముందు అరుగులు, వాలు రోడ్డు పక్కన కాంపౌండ్ గోడలు, చివర్లో రైల్వే ప్లాట్‌ఫామ్. ఈ దారిలో ఏ రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉండవు.

ఫుట్‌పాత్‌తో ఇబ్బంది లేదు. మన దేశంలో రోడ్ల ప్రమాణాల ప్రకారం అది 15 సెంటీమీటర్లు దాటకూడదు. అన్‌రియల్ ఇంజిన్‌లో క్యారెక్టర్ మామూలుగానే 45 సెంటీమీటర్ల దాకా మెట్టులా ఎక్కేస్తుంది. దానికి యానిమేషన్ అక్కర్లేదు. అసలు కథ ఆ పైన మొదలవుతుంది.

ప్లాట్‌ఫామ్ సంగతి చూద్దాం. రైల్వే లెక్కలో హై లెవెల్ ప్లాట్‌ఫామ్ అంటే పట్టా పైభాగం నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు. కానీ మన హీరో నిలబడేది పట్టా మీద కాదు, స్లీపర్ మీద. మీటరుకి 60 కిలోలుండే పట్టా ఎత్తు 17.2 సెంటీమీటర్లు. అది కలిపితే హీరో ఎక్కాల్సింది దాదాపు 93 నుంచి 101 సెంటీమీటర్లు. (ఇదంతా గేమ్‌లోనే. నిజంగా పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం.)

మా దగ్గరున్నది ఒక్క క్లిప్. 100 సెంటీమీటర్ల గోడ ఎక్కేందుకు చేసింది. సెకనుకి 30 ఫ్రేమ్‌లు, మొత్తం 36 ఫ్రేమ్‌లు. 5వ ఫ్రేమ్‌లో కాళ్లు నేల వదులుతాయి. 12వ ఫ్రేమ్‌లో చేతులు అంచు మీద పడతాయి. 28వ ఫ్రేమ్‌కి పాదాలు పైకి చేరతాయి. ప్రతి ఎత్తుకీ కొత్త క్లిప్ చేసే ఓపిక గానీ డబ్బు గానీ మాకు లేవు. అందుకే మోషన్ వార్పింగ్.

కదిలేది చెయ్యి కాదు

ఈ పేరుతో ఆండ్రూ విట్కిన్, జోరాన్ పోపోవిచ్ 1995లోనే ఒక పేపర్ రాశారు. ఉన్న కదలికను పాడుచేయకుండా కొత్త చోటికి తగ్గట్టు మెల్లగా వంచడం అనే ఆలోచన అది. అన్‌రియల్ ఇంజిన్ 5లో ఇదే పేరుతో ఒక ప్లగిన్ ఉంది. అది వంచేది మాత్రం ఒక్కదాన్నే, 'రూట్'ని. రూట్ అంటే పాదాల మధ్య నేల మీదుండే ఒక బిందువు. అది ఎటు పోతే ఒళ్లంతా అటు పోతుంది.

అంటే మోషన్ వార్పింగ్ చేతిని లాగి అంచు మీద పెట్టదు. చెయ్యి తనంతట తానే అంచు మీద పడేలా ఒంటిని మొత్తం జరుపుతుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా మామూలు తీసివేతే.

మా క్లిప్‌లో చేతులు పడే 12వ ఫ్రేమ్‌లో రూట్ నేల నుంచి 10 సెంటీమీటర్లు లేచి ఉంటుంది, చిన్న గెంతు వల్ల. చెయ్యి 100 దగ్గర ఉంది. అంటే ఆ భంగిమలో చెయ్యి ఎప్పుడూ రూట్ కన్నా 90 సెంటీమీటర్లు పైన. ముందుకైతే అంచు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. కాబట్టి ఏ గోడకైనా, అంచు ఉన్న చోటు నుంచి 90 కిందికి, 40 వెనక్కి వచ్చి, "12వ ఫ్రేమ్‌కల్లా రూట్ ఇక్కడుండాలి" అని చెప్తే సరి.

```cpp
FVector P = LedgePoint;
P -= FacingWall.Vector() * 40.f;
P.Z -= 90.f;
MotionWarping->AddOrUpdateWarpTargetFromLocationAndRotation(
    TEXT("LedgeHand"), P, FacingWall);
```

`LedgePoint` ఎలా దొరుకుతుంది? హీరో ఛాతీ ఎత్తు నుంచి ముందుకి ఒక గీత వేస్తాం, గోడ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ గోడకి కాస్త లోపల, పైనుంచి కిందికి ఇంకో గీత వేస్తాం, గోడ తల ఎక్కడుందో తెలుస్తుంది. ఎక్కాక నిలబడే జాగా ఉందో లేదో కూడా చూడాలి. లేదంటే అబిడ్స్ అరుగు ఎక్కిన హీరో తల షాపు టార్పాలిన్‌లోంచి బయటికొస్తుంది.

120 గోడ దగ్గర ఏం జరిగింది?

మొదట్లో 5 నుంచి 28 దాకా మొత్తాన్నీ ఒకే వార్ప్ విండోలో పెట్టి చూశాం. చాలామంది మొదలుపెట్టేది ఇలాగే. 120 సెంటీమీటర్ల గోడకి ఇంజిన్ మొత్తం కదలికను దాదాపు 1.2 రెట్లు సాగదీసింది. 12వ ఫ్రేమ్‌లో రూట్ 10కి బదులు 12కి చేరింది. చెయ్యి 12 ప్లస్ 90, అంటే 102. అంచేమో 120లో ఉంది. చెయ్యి 18 సెంటీమీటర్లు కింద గోడకి అతుక్కుని, ఒళ్లు లేస్తున్నకొద్దీ గోడ మీద పాకుతూ పైకి పోయింది. మా యానిమేటర్ చూసి, "వాడు గోడెక్కట్లేదురా, లిఫ్టులో పోతున్నాడు" అన్నాడు.

మందు ఏంటంటే విండోని రెండుగా కొయ్యడం. మొదటిది 5 నుంచి 12, టార్గెట్ `LedgeHand`. రెండోది 12 నుంచి 28, టార్గెట్ గోడ తల మీద. ఇప్పుడు 120 గోడకి మొదటి విండోలో రూట్ 30కి లేస్తుంది, చెయ్యి సరిగ్గా 120 మీద పడుతుంది. రెండో విండోలో రూట్ 30 నుంచి 120కి పోవాలి, అంటే 90. అసలు క్లిప్‌లో 10 నుంచి 100, అదీ 90నే! అంటే చెయ్యి ఆనాక నిలువుగా సాగదీసేది సున్నా. అందుకే చెయ్యి జారదు. ఎత్తులో తేడా మొత్తం చెయ్యి ఆనకముందే, గాల్లో ఉన్న ఆ 7 ఫ్రేమ్‌లలో తీరిపోవాలి. గాల్లో ఉన్నప్పుడు చేసిన సర్దుబాటు చూసేవాళ్లకు కనిపించదు. చెయ్యి గోడని తాకాక చేసింది మాత్రం ఇట్టే దొరికిపోతుంది.

ప్లాట్‌ఫామ్‌కి కూడా ఇదే లెక్క. 93 అయితే గెంతు 3 సెంటీమీటర్లు, 101 అయితే 11. ఒకే క్లిప్ రెండింటికీ చక్కగా సరిపోతుంది.

ఎంతదాకా సాగుతుంది?

140 గోడ తీసుకుందాం. రూట్ 50కి లేవాలి, అదీ 7 ఫ్రేమ్‌లలో, అంటే 0.23 సెకన్లలో. క్లిప్‌లో మోకాళ్లు వంగింది 10 సెంటీమీటర్ల గెంతుకి, ఒళ్లు లేచింది 50కి. ఎవరో తాడు కట్టి లాగినట్టుంటుంది. లెక్క తప్పలేదు, చెయ్యి అంచు మీదే ఉంది, అయినా కన్ను నమ్మదు.

కిందికి వస్తే ఇంకో చిక్కు. మా లెవెల్‌లో ఒక షాపు అరుగు 70 సెంటీమీటర్లు. 70లోంచి 90 తీసేస్తే మైనస్ 20. అంటే పాదాలు రోడ్డులోకి 20 సెంటీమీటర్లు దిగాలి. కాబట్టి ఈ క్లిప్ 90 నుంచి 125 దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. దానికి దిగువన చెయ్యి ఆనించి కాలు పైన పెట్టే క్లిప్ ఒకటి, పైన గట్టిగా ఎగిరి వేలాడే క్లిప్ ఒకటి కావాలి. ఎత్తు చూసి మూడింట్లో ఏది వాడాలో కోడ్ ఎంచుకుంటుంది, మధ్యలో మిగిలిన తేడాని వార్పింగ్ చూసుకుంటుంది. వాలు రోడ్డు పక్కన తల సమంగా ఉన్న గోడని తీసుకోండి. హీరో ఒకచోట నిలబడితే 110, నాలుగడుగులు కిందికి నడిస్తే 118. అక్కడ వార్పింగ్ నిజంగా ఆదుకుంటుంది.

అయినా రెండు మూడు సెంటీమీటర్లు తేడా మిగలొచ్చు. పాత రాతి గోడ తల ఎగుడుదిగుడుగా ఉంటే ఎడమ చెయ్యి ఒక ఎత్తు, కుడి చెయ్యి ఇంకో ఎత్తు. రూట్ ఒక్కటే కాబట్టి వార్పింగ్ రెండు చేతుల్నీ విడివిడిగా సర్దలేదు. అక్కడ 'ఐకే' రావాలి. మణికట్టు ఎక్కడుండాలో చెప్తే మోచెయ్యి, భుజం తామే సర్దుకునే పద్ధతి అది. చెయ్యి ఆనడానికి రెండు మూడు ఫ్రేమ్‌ల ముందు మెల్లగా మొదలుపెట్టి, చెయ్యి లేచేటప్పుడు మెల్లగా వదిలేయాలి. 18 సెంటీమీటర్ల తప్పుని ఐకేతో కప్పేస్తే మాత్రం మోచెయ్యి కర్రలా బిగుసుకుంటుంది.

మీరూ చేసి చూస్తే

ఎపిక్ గేమ్స్ 2024 జూన్‌లో 'గేమ్ యానిమేషన్ శాంపిల్' అనే ప్రాజెక్టును ఉచితంగా ఇచ్చింది. 500కి పైగా యానిమేషన్లున్నాయి, గోడలెక్కేవీ ఉన్నాయి. దాన్ని తెరిచి వార్ప్ విండోలు ఏ ఫ్రేమ్‌లో మొదలై ఏ ఫ్రేమ్‌లో ముగుస్తున్నాయో చూడండి.

సొంతంగా చేసేటప్పుడు హీరో ముందుకి జరుగుతూ పైకి మాత్రం లేవకపోతే రెండు చోట్ల వెతకండి. వార్ప్ సెట్టింగ్స్‌లో `Ignore Z Axis` మొదటి నుంచీ టిక్ అయ్యే ఉంటుంది, తీసేయాలి. ఇంకోటి, క్యారెక్టర్ `Walking` మోడ్‌లో ఉంటే నిలువు రూట్ కదలికను ఇంజిన్ పట్టించుకోదు. ఎక్కేంతసేపూ `Flying`కి మార్చి, అయ్యాక తిరిగి పెట్టాలి.

చెయ్యి సరిగ్గా పడుతోందా లేదా మామూలు స్పీడ్‌లో తెలియదు. కన్సోల్‌లో ఈ రెండూ కొట్టండి:

```
slomo 0.1
a.MotionWarping.Debug 1
```

ఆట పదో వంతు వేగానికి తగ్గుతుంది. చెయ్యి ఆనిన ఫ్రేమ్ నుంచి అది లేచే దాకా ఒక్క వేలిని పట్టుకుని చూడండి. వేలు గోడ మీద జరిగిందంటే విండో ఆలస్యంగా ముగుస్తోంది. వేలు కదలకుండా ఉండి ఒళ్లు తాడుతో లాగినట్టుంటే విండో సరిగ్గానే ఉంది, ఆ ఎత్తుకి వేరే క్లిప్ కావాలి.